ఏడాది టార్గెట్‌ను పన్నెండుతో భాగిస్తే ఎక్కడ తప్పుతుంది: తిరుపతిలో ఒక పిండివంటల అంగడి లెక్క

మార్చి నెలాఖరు వచ్చేసరికి చిన్న వ్యాపారం చేసేవాళ్లు చాలామంది మనసులో ఒక అంకె అనుకుంటారు. "ఈ ఏడు అరవై లక్షలు చేయాలి." ఆ అంకెను పన్నెండుతో భాగిస్తారు. నెలకు ఐదు లక్షలు వస్తుంది. దాన్ని నాలుగుతో భాగించి వారానికి లక్షా పాతికవేలు అని గోడమీద క్యాలెండర్‌లో రాసుకుంటారు. జూలై వచ్చేసరికి ఆ అంకెను చూడటం మానేస్తారు. పట్టుదల లేక మానేశారని అందరూ అంటారు గానీ, నేను చూసినంతలో తప్పు భాగహారంలోనే ఉంటుంది. తిరుపతిలో ఏ వ్యాపారమూ పన్నెండు నెలలూ ఒకేలా నడవదు. పెరగాలనుకున్న అమ్మకం కూడా ఏప్రిల్ ఒకటో తేదీ నుంచే పెరగదు.

ఈ రెండు మాటలూ అంకెల్లో చూస్తేనే తేటపడతాయి. నేను లెక్కలు చూసే వాటిలో ఒక పిండివంటల అంగడి ఉంది. ముందు అంగడి, వెనక వంటశాల, పనికి నలుగురు ఆడవాళ్లు. నడిపేది ఒక అక్క. మురుకులు, చెక్కలు, కజ్జికాయలు, అరిసెలు, లడ్డూలు, మైసూరుపాకు చేస్తారు. అమ్మకం మూడు దారుల్లో సాగుతుంది. ఒకటి కౌంటర్: ఊరివాళ్లు, కొండకు వచ్చిపోయే యాత్రికులు. రెండోది చంద్రగిరి, రేణిగుంట, పుత్తూరు దాకా చిన్న అంగళ్లకు కిలోల లెక్కన వేసే సరుకు. మూడోది పెళ్లిళ్లకు, సీమంతాలకు సారె ఆర్డర్లు. 2025-26లో మొత్తం అమ్మకం 48 లక్షలు, 2026-27కు అనుకున్నది 60 లక్షలు. చదవడానికి సులువుగా ఉండాలని అంకెలను గుండ్రంగా చేశాను.

ముందు పోయినేడు ఎక్కడ ఎంత వచ్చిందో చూడాలి

పోయినేడు జూలైలో ఈ అంగడి అమ్మకం 2.2 లక్షలు. అక్టోబరులో 6.8 లక్షలు. ఇప్పుడు నెలకు ఐదు లక్షల టార్గెట్ ఏం చేస్తుందో చూడండి. జూలైలో ఎంత కష్టపడినా సగం కూడా రాదు, మనసు విరుగుతుంది. అక్టోబరులో ఇరవయ్యో తేదీ నాటికే ఐదు దాటుతుంది, "చేసేశాం" అనిపిస్తుంది. అసలు ఏడాది మొత్తాన్ని మోయాల్సింది ఆ అక్టోబరే. అక్కడ చెయ్యి వదులు చేస్తే మళ్లీ దొరకదు. సమంగా పంచిన టార్గెట్ వల్ల జరిగే పెద్ద నష్టం ఇది. మందకొడి నెలలో అనవసరంగా కుంగదీస్తుంది, సీజన్లో అనవసరంగా తృప్తి పరుస్తుంది.

అందుకే మొదటి పని పోయినేడు నెలవారీ అమ్మకాన్ని ఒక కాగితం మీద వేసి మూడేసి నెలలుగా కలపడం. ఈ అంగడికి ఏప్రిల్ నుంచి జూన్ దాకా 12.6 లక్షలు, జూలై నుంచి సెప్టెంబరు దాకా 9.6, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 15, జనవరి నుంచి మార్చి దాకా 10.8 వచ్చాయి. రెండేళ్ల లెక్కలు ఉంటే ఇంకా మంచిది. ఒక్క ఏడాదే ఉన్నా పని జరుగుతుంది, కానీ పక్కన పంచాంగం పెట్టుకోవాలి.

పంచాంగం ఎందుకంటే, మన ఊళ్లో అమ్మకాన్ని నడిపే చాలా పండగలు ఇంగ్లీషు తేదీలతో కదలవు. గంగమ్మ జాతర ఏటా మేలోనే వస్తుంది, సంక్రాంతి జనవరిలోనే వస్తుంది, వాటితో ఇబ్బంది లేదు. దీపావళి అలా కాదు. 2025లో అక్టోబరు 20న వచ్చింది, 2026లో నవంబరు 8న వస్తోంది. శ్రీవారి బ్రహ్మోత్సవాలు 2024లో అక్టోబరు 4 నుంచి 12 దాకా, 2025లో సెప్టెంబరు 24 నుంచి అక్టోబరు 2 దాకా జరిగాయి. అంటే ఒక ఏడాది మూడో త్రైమాసికంలో పడిన రద్దీ మరుసటి ఏడాది చాలావరకు రెండో త్రైమాసికంలోకి జరిగింది. పోయినేడు ఇదే మూడు నెలలతో పోల్చి "పెరిగాం, తగ్గాం" అనుకుంటే ఆ మాటకు అర్థం ఉండదు.

2026లో ఇంకో సంగతి ఉంది. మే 17 నుంచి జూన్ 15 దాకా అధిక జ్యేష్ఠం. ఆ నెల రోజులూ పెళ్లిళ్లు ఉండవు, సారె ఆర్డర్లూ ఉండవు. నిజ జ్యేష్ఠం జూలై 14 దాకా ఉంటుంది కాబట్టి పెళ్లిళ్లు కొన్ని అటు జరుగుతాయి. ఆ తర్వాత ఆషాఢం, ఆగస్టు 13న శ్రావణం. అధికమాసం వచ్చిన ఏడాది తిరుమలలో బ్రహ్మోత్సవాలు రెండుసార్లు జరుగుతాయి. 2018లో, 2020లో, 2023లో అలాగే జరిగాయి. ఈసారి ఒకటి సెప్టెంబరులో, ఇంకొకటి అక్టోబరులో పడతాయి. ఇవన్నీ చూసి మేము మొదటి మూడు నెలల నుంచి 80 వేలు తీసి రెండో మూడు నెలల్లో వేశాం. 12.6 కాస్తా 11.8 అయింది, 9.6 కాస్తా 10.4 అయింది. మిగతా రెండూ అలాగే ఉన్నాయి. ఈ 80 వేలు సారె ఆర్డర్ల పాత పద్దు చూసి వేసిన అంచనా. మీ వ్యాపారానికి ఇది సున్నా కావచ్చు, ఐదు లక్షలు కావచ్చు. పెళ్లి బట్టలు, షామియానా, కేటరింగ్ చేసేవాళ్లకు చాలా ఎక్కువ ఉంటుంది.

ఇదంతా అయ్యాక కూడా మన చేతిలో ఉన్నది పాత 48 లక్షలే. ఈ ఏడాది క్యాలెండర్‌కు సరిపోయేలా దాన్ని సర్దాం, అంతే.

పెరగాల్సిన 12 లక్షలకు పేర్లు పెట్టాలి

చాలామంది ఇక్కడ అన్ని నెలలకూ పాతిక శాతం కలిపేసి ఊరుకుంటారు. పాతిక శాతం ఎవరు కొంటారు? దానికి జవాబు లేకుండా అంకె పెంచితే ఆ అంకెను వారం వారం చూసుకోవడానికి ఏమీ ఉండదు. అందుకే 12 లక్షలూ ఏ దారిలో వస్తాయో, ఏ నెల నుంచి మొదలవుతాయో విడివిడిగా రాశాం.

మొదటిది, కొత్తగా ఎనిమిది అంగళ్లకు సరుకు వేయడం. ఇప్పుడు కొంటున్న అంగళ్ల సగటు చూస్తే ఒక్కోటి నెలకు పదివేల దాకా తీసుకుంటోంది. ఎనిమిది అంగళ్లు, పన్నెండు నెలలు అని గుణిస్తే 9.6 లక్షలు. కాగితం మీద బాగుంటుంది, కానీ అది జరగదు. ఎనిమిదీ ఒక్కసారి రావు. మే నుంచి నెలకు రెండు చొప్పున పట్టుకుంటే జూన్‌లో రెండు, జూలైలో నాలుగు, ఆగస్టులో ఆరు, సెప్టెంబరు నుంచి ఎనిమిది కొంటాయి. ఒక అంగడి ఒక నెల కొనడాన్ని ఒక లెక్కగా పట్టుకుని కూడితే మొదటి మూడు నెలల్లో 2, రెండో దానిలో 18, ఆపైన 24, చివర్లో 24 వస్తాయి. మొత్తం 68, అంటే 6.8 లక్షలు. ఇందులో మొదటి త్రైమాసికం వాటా 20 వేలే.

రెండోది దీపావళి బాక్సులు. ఆఫీసులు, కాలేజీలు, షోరూములు సిబ్బందికి ఇచ్చేవి. ఒక్కోటి 500 చొప్పున 600 బాక్సులు, 3 లక్షలు. ఇది మొత్తం నవంబరులోనే వస్తుంది. మూడోది కౌంటర్ దగ్గర యాత్రికులు బస్సెక్కే ముందు తీసుకుపోవడానికి వీలుగా సీలు వేసిన పావుకిలో ప్యాకెట్లు. దాని మీద 2.2 లక్షలు అనుకున్నాం. మొదటి మూడు నెలల్లో 20 వేలు, తర్వాత వరసగా 60, 70, 70 వేలు. మూడూ కలిపితే 12 లక్షలు.

ఇప్పుడు పాతదీ కొత్తదీ కలిపితే లెక్క ఇలా వచ్చింది (లక్షల్లో):

| మూడు నెలలు | పోయినేడు | సమంగా పంచితే | మేము రాసింది |
|---|---|---|---|
| ఏప్రిల్–జూన్ | 12.6 | 15 | 12.2 |
| జూలై–సెప్టెంబరు | 9.6 | 15 | 12.8 |
| అక్టోబరు–డిసెంబరు | 15 | 15 | 21.1 |
| జనవరి–మార్చి | 10.8 | 15 | 13.9 |
| మొత్తం | 48 | 60 | 60 |

మొదటి వరస చూసి అక్క ఆగిపోయింది. "ఏందన్నా, పోయినేటి కంటే తక్కువ రాసినారే? మనం పెంచేదానికి గదా కూర్చున్నాం!" అనింది. ఆమె అడిగింది న్యాయమే. ఏడాదికి పాతిక శాతం పెరగాలనుకున్న వ్యాపారం మొదటి మూడు నెలల్లో పోయినేటి కంటే 40 వేలు తక్కువ చేసినా దారిలోనే ఉన్నట్టు. నెల రోజులు పెళ్లిళ్లు లేవు, కొత్త అంగళ్లు ఇంకా పుట్టలేదు, బాక్సుల కాలం రాలేదు. ఇది ముందే కాగితం మీద లేకపోతే జూన్ నెలాఖరున బెంబేలెత్తి ధర తగ్గిస్తాం, లేదా అక్కర్లేని ప్రకటనల మీద డబ్బు పెడతాం.

మూడో త్రైమాసికం రెండో దానికి పని పెడుతుంది

పట్టికలో ఎక్కువసేపు చూడాల్సిన అంకె 21.1. ఏడాది మొత్తంలో మూడో వంతు పైన అక్కడే ఉంది. దాన్ని నెలలుగా విడదీద్దాం. పోయినేడు అక్టోబరులో 6.8, నవంబరులో 4.2, డిసెంబరులో 4 వచ్చాయి. దీపావళి నవంబరు 8కి జరిగింది కాబట్టి పాత అమ్మకంలో 1.6 లక్షలు అక్టోబరు నుంచి నవంబరుకు మారుతుంది. కొత్తవి కలిపాక అక్టోబరు 6.2, నవంబరు 9.9, డిసెంబరు 5 అయ్యాయి. అక్టోబరు పోయినేటి కంటే తక్కువ కనబడుతుంది, అయినా అది సరైన అంకె.

ఇప్పుడు ఈ రూపాయలను కిలోల్లోకి మార్చాలి. చిన్న తయారీ వ్యాపారంలో చాలామంది వదిలేసే మెట్టు ఇదే, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. సగటున కిలో 320 అనుకుంటే అక్టోబరు, నవంబరు కలిసి 16.1 లక్షలకు సుమారు 5 వేల కిలోలు చేయాలి. ఆ రెండు నెలల్లో పనిరోజులు 50. అంటే రోజుకు 100 కిలోలు. ఆ వంటశాల ఇప్పుడు రోజుకు గట్టిగా చేస్తే 70 కిలోలు తీయగలదు. 50 రోజులకు 3,500 కిలోలు. మిగతా 1,500 కిలోలు, అంటే 4 లక్షల 80 వేల సరుకు, ఆర్డరు ఉన్నా చేయలేరు. టార్గెట్‌ను విడదీయకముందు ఈ సంగతి ఎవరికీ తెలియదు. నవంబరు మొదటి వారంలో తెలిసేది, అప్పటికి చేయగలిగింది ఏమీ ఉండేది కాదు.

అందువల్ల జూలై నుంచి సెప్టెంబరు దాకా లక్ష్యం అంటే 12.8 లక్షల అమ్మకం ఒక్కటే అని రాయలేదు. పక్కనే ఒక పని రాశాం: సెప్టెంబరు 15 నాటికి వంటశాల రోజుకు 100 కిలోలు తీయాలి. రెండో పెద్ద పొయ్యి, బాణలి, పిండి వత్తే మిషన్, ఇంకో ఇద్దరు మనుషులు. మనుషులను అక్టోబరులో పెట్టుకుంటే లాభం లేదు, చేయి తిరగడానికి నెల పడుతుంది. అయిందో లేదో తెలుసుకోవడానికి పరీక్ష కూడా రాశాం. వినాయక చవితి సెప్టెంబరు 14న. ఆ వారంలో మూడు రోజులు వరసగా 100 కిలోలు తీసి చూడాలి.

తూకం చూస్తే చాలదు. తొందరలో బాణలిలో ఒక్కసారే ఎక్కువ మురుకులు వేస్తే నూనె వేడి పడిపోతుంది, మురుకు నూనె పీల్చుకుంటుంది. పొయ్యి మీంచి దించినప్పుడు బాగానే కనబడుతుంది. నాలుగైదు రోజులకు మెత్తబడుతుంది, ముందుగానే కనరు వాసన వస్తుంది. అందుకే ఆ మూడు రోజుల సరుకులో కొంత పక్కన పెట్టి రెండు వారాల తర్వాత తిని చూడాలి. అలా నిలిస్తేనే 100 కిలోలు అయినట్టు. దీపావళికి వేసే సరుకులో చాలా భాగం అక్టోబరు చివరి పది రోజుల్లోనే చేసి పెట్టుకోవాలి కాబట్టి నిలవ మీదే అంతా ఆధారపడి ఉంది.

ప్రతి మూడు నెలలకూ ఇలా ఒక అంకె, ఒక పని ఉంటే చాలు. ఏప్రిల్–జూన్‌కు పని ప్యాకెట్లు, వాటి సీలు, మొదటి రెండు అంగళ్లు. అక్టోబరు–డిసెంబరుకు పని చెప్పక్కర్లేదు, సరుకు అందించడమే. జనవరి–మార్చిలో బాకీల వసూలు. నాలుగైదు పనులు రాస్తే ఏదీ కాదు.

నెలకు ఏం చూడాలి, వారానికి ఏం చూడాలి

వారాల దగ్గర ముందు ఒక చిన్న లెక్క సరిచేసుకోవాలి. నెల టార్గెట్‌ను నాలుగుతో భాగించే అలవాటు వల్ల 60 లక్షలకు వారానికి లక్షా పాతికవేలు వస్తుందన్నాను కదా. ఏడాదికి 52 వారాలు. 52ను లక్షా పాతికవేలతో గుణిస్తే 65 లక్షలు. తెలియకుండానే ఐదు లక్షలు నెత్తిన వేసుకున్నట్టు. నెలకు, వారానికి లంకె పెట్టకుండా ప్రతి త్రైమాసికానికీ 13 వారాలు అని పట్టుకుంటే ఈ గొడవ ఉండదు. నాలుగో వారం, ఎనిమిదో వారం, పదమూడో వారం ముగిశాక అప్పటిదాకా మొత్తం ఎంత రావాలో, ఎంత వచ్చిందో చూడటమే నెల తనిఖీ. వారం సోమవారం మొదలై ఆదివారంతో ముగియాలి. శని, ఆదివారాల రద్దీ రెండు వారాల మధ్య చీలిపోకూడదు.

వారం అంకె కూడా అన్ని వారాలకూ ఒకటే కాదు. జూలై టార్గెట్ 3.3 లక్షలు. ఆషాఢం మొదలయ్యే 15వ తేదీకి ముందు వారానికి 90 వేలు, తర్వాత వారానికి 60 వేలు రాశాం.

సోమవారం ఉదయం అరగంట కూర్చుని నోట్‌బుక్‌లో ఒక పేజీ రాస్తే చాలు. నాలుగు సంగతులు: పోయిన వారం అమ్మకం మూడు దారుల్లోనూ విడివిడిగా, శాంపిల్ ఇచ్చిన కొత్త అంగళ్లు ఎన్ని, పదిహేను రోజులు దాటిన బాకీ ఎంత, వంటశాల రోజుకు సగటున ఎన్ని కిలోలు తీసింది. ఒక్కోదాని పక్కన ఎంత ఉండాలో ముందే రాసి ఉండాలి. వచ్చిన అంకె చూశాక "పరవాలేదులే" అనుకునే వీలు ఉండకూడదు.

శాంపిల్ లెక్క ఎందుకంటే, అమ్మకం అంకె మనకు తెలిసే సరికే అయిపోయిన సంగతి. వచ్చే నెల అమ్మకాన్ని ఇవాళ కదిలించేది ఇవాళ తిరిగిన అంగళ్లు. ఈ అక్క అనుభవంలో పది చోట్ల శాంపిల్ ఇస్తే రెండు చోట్ల నిలకడగా కొంటారు. నెలకు రెండు కావాలంటే పది, వారానికి రెండు మూడు. ఇంకో జాగ్రత్త కూడా పెట్టుకున్నాం. మొదటి ఆర్డరు మొహమాటానికి ఇస్తారు. మూడోసారి ఆర్డరు వచ్చాకే ఆ అంగడిని లెక్కలో వేసుకోవాలి. జూన్‌లో పట్టుకోవాల్సిన ఒక్క అంగడి తప్పిపోతే జూలై నుంచి మార్చి దాకా తొమ్మిది నెలలు, 90 వేలు పోయినట్టు. జూన్ నెల అమ్మకం పుస్తకంలో ఆ 90 వేల జాడ ఎక్కడా కనబడదు. శాంపిల్ అంకె ఒక్కటే దాన్ని ముందే చూపిస్తుంది.

ఒక వారం పేజీని ఎలా చదవాలో చూద్దాం. ఆషాఢంలో ఒక వారం 60 వేలు రావాలి: కౌంటర్ 35, అంగళ్లకు 25, ఆర్డర్లు లేవు. వచ్చింది 47 వేలు అనుకుందాం. మొత్తం చూస్తే ఐదో వంతు పైన పడిపోయింది, గుండె ఝల్లుమంటుంది. విడదీస్తే కౌంటర్ 34, అది బాగానే ఉంది. అంగళ్ల దారి 13కు పడింది. ఖాతా పుస్తకం తెరిస్తే మూడు పెద్ద అంగళ్లు ఆ వారం సరుకు తీసుకోలేదు. రెండు పుత్తూరు వైపువి. ఆటో చెడిపోయి ఆ వైపు పోలేదు, ఆ సరుకు వచ్చే వారం పోతుంది. మూడో అంగడిలో పాత ప్యాకెట్లు మిగిలి ఉన్నాయి, చెక్కలు మెత్తబడ్డాయని పక్కన పెట్టారు. మొదటి రెండూ ఆలస్యం, మూడోది జబ్బు. 13 వేల లోటులో అక్క ఆ వారం పరిగెత్తాల్సింది ఆ ఒక్క అంగడి దగ్గరికే. ఆ చెక్కలు ఏ రోజు వేసినవి, ప్యాకెట్ సీలు సరిగా పడిందా లేదా అని చూడాలి. మొత్తం అంకె ఒక్కటే రాసుకుని ఉంటే ఆషాఢం మీద వేసి వదిలేసేవాళ్లం.

ఒక్క వారం తగ్గితే కారణం రాసిపెట్టి ముందుకు పోవచ్చు. వాన పడవచ్చు, మనిషి రాకపోవచ్చు. ఒకే దారిలో వరసగా రెండు వారాలు అనుకున్నదానిలో 85 శాతం లోపు వస్తే మటుకు ఆ వారమే ఏదో ఒకటి మార్చాలి. ఈ 85 మేము పెట్టుకున్న గీత. యాత్రికుల మీదే నడిచే అంగడికి వారం వారం ఊపు ఎక్కువ, అక్కడ 75 పెట్టుకోవచ్చు.

నెల తనిఖీలో అదనంగా చూడాల్సింది కిలో మీద ఎంత మిగిలింది అన్నది. కారాలకు కిలోకు పావు లీటరు నూనె పడుతుందనుకుంటే, లీటరు మీద 20 రూపాయలు పెరిగితే కిలోకు 5 రూపాయలు పోయినట్టు. ఏడాదికి 12 వేల కిలోల కారాల మీద అది 60 వేలు. అమ్మకం టార్గెట్ ప్రతి నెలా దాటుతున్నా ఈ డబ్బు చేతికి రాదు. అందుకే నూనె, పప్పు, గ్యాస్ బిల్లులు నెలకోసారి కిలో లెక్కలోకి దించాలి. వారానికోసారి చేయక్కర్లేదు, అంత తొందరగా ధర మార్చలేం కూడా.

సెప్టెంబరు నెలాఖరున లోటు తేలితే

జీఎస్‌టీలో కాంపోజిషన్ పథకంలో ఉన్నవాళ్లు త్రైమాసికం ముగిశాక వచ్చే నెల 18లోగా సీఎంపీ-08 వేసి పన్ను కట్టాలి. దానికి ఎలాగూ మూడు నెలల అమ్మకం కూడాలి. అదే రోజు త్రైమాసికం తనిఖీ కూడా పెట్టుకుంటే ఒకే కూడికతో రెండు పనులవుతాయి. కాకపోతే 17 రాత్రి దాకా ఆగొద్దు. అక్టోబరులో అయితే మొదటి వారంలోనే కూర్చోవాలి.

ఆ రోజు తేలేది ఇలా ఉండొచ్చు. ఎనిమిది అంగళ్లు అనుకుంటే ఐదే నిలిచాయి. జూలైలో మూడు, ఆగస్టులో నాలుగు, సెప్టెంబరులో ఐదు. 18 రావాల్సిన చోట 12 వచ్చాయి, 60 వేలు తగ్గింది. ఇక్కడ మామూలుగా చేసేది ఆ 60 వేలను వచ్చే మూడు నెలల మీద ఇరవై చొప్పున మోపడం. రెండు రకాలుగా అది తప్పు. మొదటిది, అసలు లోటు 60 వేలు కాదు. మూడు అంగళ్లు మిగతా ఆరు నెలలూ ఉండవు కాబట్టి ఇంకో 1.8 లక్షలు రావు. మొత్తం 2.4 లక్షలు, ఏడాది 57.6 దగ్గర ఆగుతుంది. రెండోది, నవంబరు మీద 20 వేలు వేసినంత మాత్రాన ఆ 20 వేలు కొనే మనిషి పుట్టడు.

పెరగాల్సిన 12 లక్షలకు పేర్లు పెట్టినట్టే, లోటు పూడ్చేదానికీ పేరు పెట్టాలి. బాక్సులు 600 నుంచి 800 చేయగలిగితే లక్ష వస్తుంది. వంటశాల పరీక్షలో 100 కిలోలు నిలిచి ఉంటేనే అది సాధ్యం. 200 బాక్సులంటే సుమారు మూడు రోజుల అదనపు పని. మిగిలిన మూడు అంగళ్ల కోసం అక్టోబరులో తిరగొచ్చా? నా మాట వద్దనే. ఆ రెండు నెలలు వంటశాల అంచుదాకా నిండి ఉంటుంది. కొత్తవాళ్లను తెచ్చుకుని సరుకు ఇవ్వలేకపోతే కొత్తవాళ్లూ పోతారు, పాతవాళ్లూ అలుగుతారు. అందుకే ఆ ఎనిమిది తొమ్మిది వారాలు శాంపిల్ గడిలో సున్నా అనే రాసి, డిసెంబరులో మళ్లీ తిరగడం మొదలుపెట్టాలి. మూడూ జనవరి నుంచి కొంటే 90 వేలు వస్తాయి. ఇవన్నీ కలిపితే 59.5 లక్షలు.

మిగిలిన 50 వేలకు ఏ దారీ కనబడకపోతే దాన్ని ఏ నెలలోనూ ఇరికించకుండా ఏడాది అంకెనే 59.5గా మార్చి రాయడం మేలు. పాత 60ని కొట్టేయొద్దు, పక్కన కొత్తది రాసి తేదీ వేయాలి. ఇలా మార్చడం మూడు నెలలకోసారే జరగాలి. వారం వారం టార్గెట్‌ను జరుపుతూ పోతే ఎప్పుడూ దారిలోనే ఉన్నట్టు కనబడుతుంది, లోటు ఎక్కడ పుట్టిందో తెలియదు.

అంగళ్లు ఎనిమిదికి బదులు ఐదే ఎందుకు నిలిచాయి అన్నది కూడా ఆ రోజే తేలాలి. వారాల పేజీలు తిప్పితే రెండింట్లో ఒకటి కనబడుతుంది. శాంపిల్ గడిలో వారానికి ఒకటీ సున్నా ఉంటే తిరగలేదని అర్థం, దానికి మనిషిని పెట్టాలి. రెండూ మూడూ ఉండి కూడా మూడో ఆర్డరు దాకా రాకపోతే సరుకులోనో, ధరలోనో, అప్పు గడువులోనో తేడా ఉంది. రెండో రకానికి ఇంకా ఎక్కువ తిరగడం మందు కాదు. ఆగిపోయిన అంగళ్ల దగ్గరికే పోయి అడగాలి.

మార్చి చివరి పేజీలో చేయాల్సిన పని ఇంకొకటి ఉంది. ప్రతి నెల అమ్మకం పక్కన ఆ నెలలో పడిన పండగలు, పెళ్లిళ్లు లేని రోజులు రాసిపెట్టుకోవాలి. 2027లో దీపావళి అక్టోబరు 29న వస్తుంది, అధికమాసం లేదు. ఈ ఏడు మే, జూన్‌లలో పడిపోయిన సారె ఆర్డర్లు వచ్చే ఏడు తిరిగి వస్తాయి, నవంబరుకు జరిగిన దీపావళి అమ్మకం అక్టోబరులోకి వెళ్తుంది. 2027-28 లెక్క రాసేటప్పుడు ఈ ఏడాది తక్కువ వచ్చిన జూన్‌ను, ఎక్కువ వచ్చిన నవంబరును ఉన్నదున్నట్టు తీసుకోకుండా ఆ రెండింటినీ ముందు సరిచేసుకోవాలి.